టీ పొడి నెల నిండకముందే ఎందుకు అయిపోతోంది?

"మేడమ్, మాది తిరుపతి కొర్లగుంట. ఇంట్లో నలుగురం, రోజూ రెండు పూటలా టీ. ఎన్నో ఏళ్లుగా ఒకే రకం టీ పొడి కొంటున్నాను. ఒక ప్యాకెట్ సరిగ్గా నెల వచ్చేది. నాలుగైదు నెలలుగా 26 రోజులకే అయిపోతోంది. ధర అదే 140 రూపాయలు, ప్యాకెట్ కూడా చూడ్డానికి అలాగే ఉంది. దాని మీద 220 గ్రాములు అని ఉంది, ముందు ఎంత ఉండేదో నేను ఎప్పుడూ చూడలేదు. నువ్వే ఎక్కువ వేస్తున్నావని మా ఆయన అంటున్నారు. నిజంగా నా తప్పేనా? ప్యాకెట్ తగ్గిందని ఎలా తెలుసుకోవాలి? తగ్గిస్తే ఎవరికైనా ఫిర్యాదు చేయొచ్చా?"
— ఒక గృహిణి, తిరుపతి

అమ్మా, మీ ఉత్తరంలో రెండు అంకెలు రాశారు చూడండి, 220 గ్రాములు, 26 రోజులు. ఆ రెండూ చాలు. 220ని 26తో భాగిస్తే రోజుకు సుమారు ఎనిమిదిన్నర గ్రాములు వస్తుంది. నలుగురికి రెండు పూటలా టీ అంటే అది పొదుపుగా వాడుతున్న ఇల్లే. ఇప్పుడు అదే ఎనిమిదిన్నర గ్రాముల్ని 30 రోజులతో గుణించండి. 255 గ్రాములు వస్తుంది. అంటే మీ చెయ్యి ఇప్పుడున్నట్టే అప్పుడూ ఉండి ఉంటే, నెల రోజులు వచ్చిన ఆ పాత ప్యాకెట్లో దగ్గర దగ్గర 250 గ్రాములు ఉండాలి. టీ పొడిలో 250 గ్రాముల ప్యాకెట్ ఎంత మామూలో మీకూ తెలుసు. లెక్క తిన్నగా వచ్చి ఆ బరువు దగ్గరే ఆగింది కాబట్టి, తగ్గింది ప్యాకెట్లోనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీ వాడకం పెరిగి ఉంటే అంకె ఇలా కుదరడం అరుదు.

మీ ఆయన మాటను నేను తప్పు పట్టను. ధర మారలేదు, కవరు మారలేదు, మారినట్టు కనిపిస్తున్నది రోజులు మాత్రమే. అప్పుడు ఎవరికైనా అనుమానం వాడే మనిషి మీదకే పోతుంది. ధర పది రూపాయలు పెరిగితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, అంగడిలోనే నలుగురూ మాట్లాడుకుంటారు. గ్రాములు తగ్గితే ఆ భారం వంటింట్లో ఉన్న ఒక్క మనిషి లెక్కలో పడుతుంది, పైగా మాట కూడా పడాల్సి వస్తుంది. నాకు ఈ విషయంలో కోపం వచ్చేది అక్కడే.

నా అంచనాను మీరు రూఢి చేసుకోవాలి. పాత కవరు దొరికితే అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. చాలా ఇళ్లల్లో ఖాళీ టీ కవర్లలో ఎండు మిరపకాయలో, ఇంగువ డబ్బానో, దీపం వత్తులో పెట్టి ఉంటారు, ఒకసారి వెతకండి. లేదంటే మీ వీధిలోని చిన్న అంగడికి వెళ్లి అరలో వెనక వరసలో ఉన్న ప్యాకెట్ తీయించండి. చిన్న అంగళ్లలో సరుకు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి, కొన్ని నెలల పాటు పాత బరువు, కొత్త బరువు ప్యాకెట్లు ఒకే అరలో పక్కపక్కన ఉండే అవకాశం ఉంది. ప్యాకెట్ మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ముందు నెలది ఒకటి, తర్వాతి నెలది ఒకటి పట్టుకుని రెండింటి మీదా నికర బరువు చదవండి. ఇంకో దారి, మీరు ఎప్పుడైనా ఫోన్‌లో సరుకులు తెప్పించుకుని ఉంటే పాత ఆర్డర్లు అందులో ఉంటాయి, సరుకు పేరు పక్కనే బరువు కనిపిస్తుంది.

సూపర్‌మార్కెట్ బిల్లును మాత్రం పూర్తిగా నమ్మకండి. బిల్లు మీద వచ్చే పేరు ఆ సరుకు మొదటిసారి వచ్చినప్పుడు కంప్యూటర్లో ఎక్కించినది. ప్యాకెట్ తగ్గినా ఆ పేరును మార్చకపోతే, 220 గ్రాములు కొన్నా బిల్లు మీద 250 అనే పడుతుంది. నాకు చిత్తూరులో ఒక అంగట్లో అలాగే జరిగింది. బట్టల సబ్బు పొడి బిల్లు మీద ఒక బరువు, సంచి మీద ఇంకో బరువు. రెండేళ్ల బిల్లులు దాచుకుని, వాటినే చూసి ఏమీ మారలేదని ధీమాగా ఉన్నాను. సంచి మీద చదివిన రోజున తెలిసింది. అందుకే చెబుతున్నాను, పాత బరువుకు బిల్లు పనికొస్తుంది, కొత్త బరువును ప్యాకెట్ మీదే చూడాలి.

రెండు బరువులూ తెలిశాక 100 గ్రాముల ధర కట్టండి. ఫోన్‌లోని క్యాలిక్యులేటర్లో ధరను గ్రాములతో భాగించి, వచ్చినదాన్ని 100తో గుణించడమే.

పాత ప్యాకెట్: 140 ÷ 250 × 100 = 56 రూపాయలు
కొత్త ప్యాకెట్: 140 ÷ 220 × 100 = 63 రూపాయల 64 పైసలు

100 గ్రాములకు ఏడు రూపాయల 64 పైసలు పెరిగింది. 56 రూపాయల మీద ఇది 13.6 శాతం. బరువు తగ్గింది చూస్తే 250లో 30 గ్రాములు, అంటే 12 శాతం. ఈ రెండు శాతాలూ ఒకటి కావు, ఇక్కడ చాలామంది పొరబడతారు. "12 శాతమే కదా తగ్గించారు, ధర 12 శాతం పెరిగినట్టే" అనుకుంటారు. అలా కాదు. మీకు పాతంత పొడి కావాలంటే పోయిన 30 గ్రాముల్ని కొత్త రేటుకే కొనుక్కోవాలి, అందుకే పెరుగుదల ఎప్పుడూ తగ్గుదల కంటే ఎక్కువ ఉంటుంది. తగ్గుదల పెద్దదైన కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. 100 గ్రాముల ప్యాకెట్ 80కి దిగితే బరువు తగ్గింది 20 శాతం, ధర పెరిగింది మాత్రం 25 శాతం. అందుకే ఎంత తగ్గిందని కాకుండా, 100 గ్రాములు ముందు ఎంతకు వచ్చేది, ఇప్పుడు ఎంతకు వస్తోంది అనే చూడమంటాను.

మీ ఇంటి వరకు చూస్తే, 30 రోజులకు 250 గ్రాముల చొప్పున ఏడాదికి మీకు మూడు కిలోల పైచిలుకు టీ పొడి కావాలి. పాత లెక్కలో అది 1,700 రూపాయలు. కొత్త లెక్కలో 1,930 దాటుతుంది. ఒక్క టీ పొడి మీదే సుమారు 230 రూపాయలు. మీ ఆయనకు ఈ అంకె చూపించండి, ఆయనకే అర్థమవుతుంది.

ఇంత లెక్క ఎందుకు, ప్యాకెట్ మీదే ఉంటుంది కదా అని ఎవరైనా మీతో అనవచ్చు. నిజమే, కొంతవరకు. ఎమ్మార్పీ దగ్గర చిన్న అక్షరాల్లో యూనిట్ ధర అని, లేదా యూఎస్‌పీ అని ఇంకో అంకె ఉంటుంది. కిలో కంటే తక్కువ బరువున్న ప్యాకెట్ల మీద అది ఒక గ్రాము ధర, కిలో దాటితే ఒక కిలో ధర. మీ టీ పొడి మీద 0.64 అని ఉండాలి. పాత ప్యాకెట్ దొరికితే, దాని మీద ఆ అంకె ఉంటే, 0.56 అని కనిపించాలి. టీ పొడి లాంటి కాస్త ఖరీదైన సరుకులకు ఈ అంకె బాగానే పనిచేస్తుంది. దాన్ని 100తో గుణిస్తే చాలు.

కానీ చవక సరుకుల దగ్గర ఈ అంకె మనల్ని మోసపుచ్చుతుంది. పైసలను రెండు స్థానాలకే సవరించి ముద్రిస్తారు కాబట్టి చిన్న తగ్గుదల అందులో కనిపించదు. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ తీసుకుందాం. అందులో 74 గ్రాములుంటే గ్రాము ధర 0.135, దాన్ని 0.14 అని ముద్రిస్తారు. తర్వాత 69 గ్రాములకు దించితే గ్రాము ధర 0.145కి కాస్త తక్కువ, మళ్లీ 0.14 అనే వస్తుంది. ఐదు గ్రాములు పోయాయి, ముద్రించిన అంకె కదల్లేదు. అదే మీరు 100 గ్రాములకు కట్టి చూడండి. ముందు 13 రూపాయల 51 పైసలు, తర్వాత 14 రూపాయల 49 పైసలు. ఏడు శాతం పెరిగినట్టు తేలిపోతుంది. పిల్లల కోసం ఇంట్లో ఐదు రూపాయల, పది రూపాయల ప్యాకెట్లు ఎక్కువ తెచ్చేవాళ్లు ఇది తప్పక చూడాలి. ఐదు, పది అనేవి జేబులో నాణెం మీద నిలిచిన ధరలు. వాటిని ఆరుకో పదకొండుకో మార్చడం కష్టం. అందుకే ఖర్చు పెరిగినప్పుడు ఆ ప్యాకెట్లలో ధర నిలబడి బరువు కదులుతుంది.

నూనె దగ్గర ఇంకో చిక్కుంది. అక్కడ కొన్ని ప్యాకెట్లు లీటర్లలో, కొన్ని గ్రాముల్లో మాట్లాడతాయి. లీటరు వంటనూనె కిలో బరువు ఉండదు, సుమారు 910 గ్రాములే ఉంటుంది. చెనక్కాయ నూనె అయినా పొద్దుతిరుగుడు నూనె అయినా కాస్త అటూ ఇటుగా ఇంతే. పక్కపక్కనే ఒకటి లీటరు 150 రూపాయలు, ఇంకోటి 850 గ్రాములు 145 రూపాయలు అని పెట్టారనుకోండి. చేతిలోకి తీసుకుంటే కవరు సైజులో తేడా తెలియదు, ఐదు రూపాయలు తక్కువని రెండోది బుట్టలో వేసుకుంటాం. లీటరును 910 గ్రాములుగా మార్చి కట్టండి. మొదటిది 100 గ్రాములు 16 రూపాయల 48 పైసలు, రెండోది 17 రూపాయల 6 పైసలు. చవక అనుకున్నదే ఖరీదు. నూనె కొనేటప్పుడు ఎప్పుడూ గ్రాముల అంకెనే పట్టుకోండి. ప్యాకెట్ మీద మిల్లీలీటర్లతో పాటు గ్రాములు కూడా ఎక్కడో ఒక మూల ఉంటాయి, కళ్లజోడు పెట్టుకుని వెతకాలంతే.

ఇక ఫిర్యాదు సంగతి. ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పాలి. ప్యాకెట్ మీద 220 అని ముద్రించి లోపల 220 ఉంచితే అది నేరం కాదు. ఒకప్పుడు ఇంత వెసులుబాటు లేదు. తూనికలు, కొలతల శాఖ వారి 2011 ప్యాకేజీ నిబంధనల్లో టీ, కాఫీ, బిస్కెట్లు, వంటనూనె, సబ్బులు లాంటి కొన్ని సరుకులకు ఇన్ని గ్రాముల్లోనే అమ్మాలని ఒక పట్టిక ఉండేది. 2021 నవంబరులో ఆ నిబంధనల్ని సవరించి పట్టికను ఎత్తేశారు. దానికి బదులుగా పెట్టిందే ఇందాక చెప్పిన యూనిట్ ధర. ఎన్ని గ్రాములైనా పెట్టుకోండి, గ్రాము ఎంతో మాత్రం రాయండి అన్నారు. అందుకే ఇప్పుడు 220, 185, 67 లాంటి నోటికి తిరగని బరువులు కనిపిస్తున్నాయి. పట్టిక ఉండగా గుండ్రటి బరువులే కాబట్టి మనం చూడకపోయినా నడిచింది. ఇప్పుడు చూడక తప్పదు. నన్నడిగితే, బరువు తగ్గించిన మొదటి కొన్ని నెలలు "ముందు 250, ఇప్పుడు 220" అని ముందువైపే పెద్ద అక్షరాల్లో రాయమనాలి. కొనేవాళ్ల దగ్గర దాచాల్సిన విషయం ఏముంది అందులో?

ముద్రించిన దానికంటే లోపల తక్కువ ఉంటే అది వేరే సంగతి, దానికి ఫిర్యాదు ఉంది. ఇంట్లో వంటకు వాడే చిన్న డిజిటల్ త్రాసు ఉంటే నిండు ప్యాకెట్‌ను తూచి, పొడి డబ్బాలో పోశాక ఖాళీ కవరును తూచి, రెండోది మొదటి దాంట్లోంచి తీసేయండి. కవరు బరువు తీసేయకుండా తూచి "అంతా సరిగ్గానే ఉంది" అనుకునేవాళ్లు ఉన్నారు. తూచే ముందు త్రాసును కూడా పరీక్షించండి. తెరవని కిలో ఉప్పు ప్యాకెట్ పెడితే సుమారుగా కిలో మీద కవరు బరువు కొన్ని గ్రాములు చూపించాలి. మిషన్లతో నింపే ప్యాకెట్లలో ఒక్కోదానికీ కొద్దిగా తేడా ఉండటాన్ని నిబంధనలు ఒప్పుకుంటాయి. 200 నుంచి 300 గ్రాముల మధ్య ప్యాకెట్‌కు ఆ హద్దు తొమ్మిది గ్రాములు. కాబట్టి మీ టీ పొడి ఒకసారి 215 తూగిందని కంగారు పడకండి. 211 కంటే తగ్గితే, లేదా వరసగా కొన్న ప్రతి ప్యాకెట్టూ తక్కువే తూగుతుంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా తూనికలు, కొలతల శాఖ కార్యాలయంలో చెప్పండి. తెరవని ప్యాకెట్ ఒకటి, బిల్లు దగ్గర ఉంచుకోండి. తెరిచినదాన్ని పట్టుకెళ్తే ఎవరూ ఏమీ తేల్చలేరు. స్నానపు సబ్బును మాత్రం ఇలా తూచి తగువుకు పోవద్దు. ఆరిన కొద్దీ సబ్బు బరువు తగ్గుతుంది, అందుకే దాని మీద ఆ బరువు ప్యాక్ చేసినప్పటిదని రాసి ఉంటుంది.

మీరు ఇంట్లోకి తెచ్చే ప్రతి వస్తువుకూ ఇలా లెక్క కట్టాలంటే విసుగొచ్చి వారంలో మానేస్తారు. నేను ఎనిమిది సరుకులకే కడతాను. టీ పొడి, నూనె, బట్టల సబ్బు పొడి, గిన్నెల సబ్బు, పళ్ల పేస్టు, బిస్కెట్లు, సేమ్యా, కారప్పొడి. బియ్యం, కందిపప్పు నేను విడిగా తూయించి తెచ్చుకుంటాను కాబట్టి వాటికి ఈ బాధ లేదు. క్యాలెండర్ వెనక పేజీలో సరుకు పేరు, తేదీ, ధర, గ్రాములు, 100 గ్రాముల ధర రాస్తాను. నెలనెలా రాయను. కొత్త ప్యాకెట్ తెచ్చినప్పుడు గ్రాముల అంకె ఒక్కటే పాతదానితో పోల్చి, మారితేనే కొత్త గీత గీస్తాను. కవరు మీద బొమ్మ మారినా, "కొత్త రూపంలో" అని రాసినా, "25 గ్రాములు ఉచితం" అని పెట్టినా ఆ రోజు తప్పక చూస్తాను. 200 గ్రాములకు 25 కలిపి ఉచితం అన్నా, అది పాత 250 కంటే తక్కువే.

బరువు పెరగడం కూడా ఉంటుంది, అదీ రాసుకోవాలి. 2025 సెప్టెంబరు 22న బిస్కెట్లు, స్నానపు సబ్బులు, పళ్ల పేస్టు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఐదు, పది రూపాయల ప్యాకెట్లలో కొన్నింటికి ధర అలాగే ఉంచి గ్రాములు పెంచారు. అంతకుముందు రాసుకున్న పాత లెక్కలుంటే వాటిని పక్కనపెట్టి, ఆ తర్వాతి ప్యాకెట్ల నుంచి కొత్తగా మొదలుపెట్టండి. లేకపోతే పన్ను తగ్గి పెరిగిన గ్రాములు, తర్వాత మెల్లగా తగ్గే గ్రాములు కలిసిపోయి ఏమీ తెలియదు.

ఇంకొక్క మాట, 100 గ్రాముల ధర రుచిని కొలవదు. 63 రూపాయలు పెట్టలేక 50 రూపాయల పొడికి మారితే, రంగు, చిక్కదనం రావడానికి రోజుకు ఎనిమిదిన్నర గ్రాముల బదులు 11 గ్రాములు వేయాల్సి వస్తే, రోజుకు ఐదున్నర రూపాయలు పడుతుంది. ఇప్పుడు మీకు పడుతున్నది ఐదు రూపాయల 40 పైసలు. మిగిలిందేమీ లేదు. అందుకే వేరే రకం ప్రయత్నిస్తే ముందు చిన్న ప్యాకెట్ కొని, అది ఎన్ని రోజులు వచ్చిందో చూశాకే మారండి. పెద్ద ప్యాకెట్ చవకని కూడా నమ్మి తీసుకోకండి. అరకిలో ప్యాకెట్‌కూ ఇదే లెక్క కట్టి, 56కి దగ్గరగా వస్తేనే తెచ్చుకోండి.

రేపు కొత్త ప్యాకెట్ తెరిచినప్పుడు కవరు మీదే పెన్నుతో తేదీ రాయండి. బంధువులు వచ్చి ఉన్న రోజులుంటే అవీ పక్కన రాసుకోండి. 26 రోజుల దగ్గర అయిపోతే మన లెక్క నిలబడినట్టే, ఆ కవరునే మీ ఆయన చేతికివ్వండి. 22 రోజులకే అయిపోతే మాత్రం ప్యాకెట్ కాక ఇంకేదో ఉంది. అప్పుడు ముందుగా టీ డబ్బాలో వేసిన చెంచా చూడండి, ఈ మధ్య పాత చెంచా పోయి కాస్త లోతైనది వచ్చిందేమో.